స్టోర్ మేనేజర్ పోస్టుకు ఇంటర్వ్యూ: స్టాక్ తరుగు, డ్యూటీ చార్టు, పండగ సీజన్

(రెడీమేడ్ బట్టల స్టోర్. 22 మంది సిబ్బంది, 6 బిల్లింగ్ కౌంటర్లు. ప్రశ్నలు ఏరియా మేనేజర్‌వి.)

ప్రశ్న: సిస్టమ్‌లో 40,000 పీసులు ఉన్నాయి, లెక్కపెడితే 39,280 తేలాయి. మొదట ఏం చేస్తారు?

జవాబు: 720 పీసులు తక్కువ, అంటే 1.8 శాతం. దొంగతనం అని అప్పుడే అనను మేడమ్. ముందు ఐటమ్ కోడ్ వారీగా తేడా తీస్తాను. ఒక షర్టులో నీలం 60 తగ్గి, నలుపు 58 ఎక్కువైతే సరుకు ఎక్కడికీ పోలేదు. క్యాషియర్ ఒకే బార్‌కోడ్‌ను రెండు రంగులకూ స్కాన్ చేస్తున్నాడు. అలాంటివి పక్కన పెట్టాక నిజమైన లోటు బయటపడుతుంది. అప్పుడు రిసీవింగ్ కాగితాలు చూస్తాను. పర్చేజ్ ఆర్డర్, ఇన్‌వాయిస్, మనవాళ్లు దించుకున్న లెక్క, మూడూ కలవాలి. బాక్సు తెరవకుండా మీద రాసిన సంఖ్యకే సంతకం పెడితే, లోటు ఆ రోజే మన ఖాతాలో పడుతుంది. ఇంకో బ్రాంచికి పంపి ఎంట్రీ వేయని సరుకు, డ్యామేజ్ అని పక్కన పడేసి రాయని సరుకు కూడా ఇందులోనే దొరుకుతాయి.

ప్రశ్న: ఇవన్నీ సరిగానే ఉండి ఇంకా లోటుంటే?

జవాబు: లోటు ఏ విభాగంలో ఉందో చూస్తాను. చిన్నవి, ఖరీదైనవి, తలుపు దగ్గరవి పోతుంటే కస్టమర్ల వైపు అనుమానం. ట్రయల్ రూమ్‌కి వెళ్లేటప్పుడు పీసులు లెక్కపెట్టి నంబర్ టోకెన్ ఇవ్వాలి, వచ్చేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాలి. గోడౌన్‌లో సీల్ బాక్సుల్లోంచి పోతుంటే అది లోపలి సంగతి. క్యాషియర్ వారీగా క్యాన్సిల్ బిల్లులు, రిటర్నులు, డిస్కౌంట్లు తీస్తాను. కౌంటర్ దగ్గర కస్టమర్ లేని సమయంలో రిటర్న్ పడిందంటే ఆ నిమిషం కెమెరా ఫుటేజీ చూడాల్సిందే. ఆధారం చేతిలో లేకుండా ఎవరినీ పిలిచి అడగను. పేరు ఒక్కసారి బయటికి వస్తే, తప్పు చేయకపోయినా ఆ మనిషి ఫ్లోర్‌లో తలెత్తుకోలేడు.

ప్రశ్న: మళ్లీ రాకుండా?

జవాబు: ఏడాదికోసారి మొత్తం లెక్క చాలదు. ఎక్కువగా పోయే కోడ్‌లు రోజుకు 20, షాపు తెరవకముందే లెక్కపెట్టిస్తాను. సిస్టమ్ సంఖ్య లెక్కించేవాళ్లకు చెప్పను. చెబితే అదే రాసేస్తారు.

ప్రశ్న: 22 మందికీ వారానికో ఆఫ్. అందరూ ఆదివారమే అడుగుతారు కదా?

జవాబు: అడుగుతారు. ఆఫ్‌లు సోమవారం నుంచి గురువారంలోపే ఇస్తాను. ఆ రోజుల్లో 16, 17 మంది ఉంటారు, మిగతా మూడు రోజులు అందరూ ఉంటారు. రెండు నెలలకోసారి ప్రతి ఒక్కరికీ ఒక ఆదివారం వరస ప్రకారం ఇస్తాను. ఆదివారం ఇద్దరు ముగ్గురు తగ్గినా 19 మంది ఉంటారు. చార్టు రెండు వారాల ముందే గోడకెక్కాలి. షిఫ్టులు పరస్పరం మార్చుకోవచ్చు, కానీ క్యాషియర్ క్యాషియర్‌తోనే, అదీ నా సంతకంతో. రాత్రి మూసినవాళ్లకు మర్నాడు ఓపెనింగ్ వేయను. అలసిన చేతులతో క్యాష్ లెక్క ఎప్పుడూ తేలదు.

ప్రశ్న: పండగ వారం. సాయంత్రం గంటకు 150 బిల్లులు వస్తాయనుకోండి.

జవాబు: ఒక బిల్లుకు 3 నిమిషాలు పడితే కౌంటర్‌కు గంటకు 20, ఆరు కౌంటర్లకు 120. మిగతా 30కి రెండు అదనపు కౌంటర్లు కావాలి, చేతిలో పట్టుకునే బిల్లింగ్ మెషీన్లు ఇస్తే సరిపోతుంది. ఎక్స్‌ఛేంజ్‌లు వేరే టేబుల్‌కి మళ్లించాలి. ఒక్క రిటర్న్ లైను మొత్తాన్ని ఆపేస్తుంది.

అంచనాకు పోయినేడు అదే తేదీ చూడకూడదు. పండగ తేదీ మారుతుంది కాబట్టి పండగకు పది రోజుల ముందు, అయిదు రోజుల ముందు ఎంత అమ్మామన్నదే పోల్చాలి. ఆఫర్ మొదలయ్యే ముందురోజు రాత్రి ప్రతి ఆఫర్ కోడ్‌నూ స్కాన్ చేసి చూస్తాను. బోర్డు మీద ఒక ధర, బిల్లులో ఒక ధర వస్తే గొడవంతా కౌంటర్‌లోనే జరుగుతుంది.

ప్రశ్న: సగం సీజన్‌కే టార్గెట్‌లో వెనకబడితే స్టాఫ్ మీద ఒత్తిడి పెడతారా?

జవాబు: కారణం తెలియకుండా పెట్టను. జనం రాలేదా, వచ్చి కొనలేదా, కొన్నా తక్కువ కొన్నారా? మూడూ వేరు. వచ్చి కొనకపోతే ముందు సైజులు చూస్తాను. చాలాసార్లు గోడౌన్‌లో ఉన్న మీడియం, లార్జ్ ర్యాకులోకి రావు. సాయంత్రం రద్దీలో సరుకు సర్దడానికే ఇద్దరిని కేటాయిస్తాను, వాళ్లను బిల్లింగ్‌కి లాగను. జనమే రాకపోతే అది ఫ్లోర్ స్టాఫ్ చేతిలో లేదు. ఆ సంగతి మీకు ఆ రాత్రే రాస్తాను, సీజన్ అయ్యాక కాదు.