అడుగుల అరిసెలు – అమ్మ రాసిన ఉత్తరం

అమలాపురం,
20-12-2025

చి.ల.సౌ. అమ్ములుకి అమ్మ ఆశీర్వదించి రాసేది. మేమిద్దరం క్షేమం. అల్లుడుగారు, నువ్వు, బుజ్జిది క్షేమమని తలుస్తాను.

ఈ కాయితం టీచరుగారి అబ్బాయి చేతికిస్తున్నాను. దీంతోపాటు బుజ్జిదానికి వెండి పట్టీలు, ఓ పల్చటి నూలు గుడ్డ ఉంటాయి. గుడ్డ ఎందుకో కింద రాశాను.

బుజ్జిది సోఫా వదిలి అడుగులు వేసిన వీడియో మీ నాన్నగారు వీధిలో అందరికీ చూపించారు. బోర్లాపడ్డప్పుడు నేను అక్కడే ఉన్నాను కనక బొబ్బట్లు చేశాను. అడుగులకి అరిసెలు ఇప్పుడు నీ వంతు. సంక్రాంతి కూడా కలిసొచ్చింది. కొట్లో పేకెట్టు కొని పెట్టేస్తానన్నావు గానీ వద్దు తల్లీ. పిల్ల పాదాల దగ్గర పెట్టే అరిసె తల్లి చేతిది అయితేనే నాకు తృప్తిగా ఉంటుంది. నీకు చేతనవుతుంది. ఫోనులో పాకం చూపించడం కుదరదు కాబట్టి ఇలా రాస్తున్నాను. ఈ కాయితం స్టవ్ పక్కన పెట్టుకుని చెయ్యి.

భోగి 14, బుధవారం. పండగ గురువారం. మీ ఇద్దరికీ ఆఫీసులుంటాయి కాబట్టి ముందు వచ్చే ఆదివారం, 11న చేసుకో. అరిసె పాడయ్యేది కాదు, రెండు రోజులు ఆగితే ఇంకా రుచి. శనివారం పొద్దున్నే బియ్యం నానబొయ్యి.

మొదటిసారికి అర కిలో బియ్యం చాలు. పెద్దవి కాకుండా చేస్తే పాతిక అరిసెల దాకా అవుతాయి. సోనామసూరి పచ్చి బియ్యం తీసుకో. బాస్మతి వద్దు, ఉప్పుడు బియ్యం అసలు వద్దు. బెల్లం 375 గ్రాములు, అంటే కిలో బియ్యానికి ముప్పావు కిలో లెక్క. నెయ్యి రెండు పెద్ద చెంచాలు, నువ్వులు ఓ గుప్పెడు, యాలకులు నాలుగైదు, వేయించడానికి నూనె. కొట్లో కొన్న పొడి బియ్యప్పిండి మాత్రం వాడకు. అరిసెకి తడిపిండే కావాలి. ఆ తడి ఉంటేనే పిండి పాకాన్ని పీల్చుకుని మెత్తగా కలుస్తుంది. పొడిపిండితో చేస్తే గట్టిగా వస్తాయి, లేదా నూనెలో విరిగిపోతాయి.

బియ్యం రోజంతా నానాలి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి నీళ్ళు మార్చు, లేకపోతే వాసన వస్తుంది. ఆదివారం పొద్దున చిల్లుల గిన్నెలో వడేసి, నేను పంపిన గుడ్డ మీద పరు. మనకిక్కడ పావుగంట, ఇరవై నిమిషాలు ఆరనిస్తాం. మీ కాల్గరీలో చలికాలం హీటర్ల వల్ల ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది, చేతులు పగులుతున్నాయని నువ్వే అన్నావు కదా. అందుకని అక్కడ పది నిమిషాలకే చెయ్యి పెట్టి చూడు. అరచేతికి నీళ్ళు అంటకూడదు, నాలుగు గింజలు మాత్రం అంటుకోవాలి. అలా ఉండగానే మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి ఆడి, సన్న జల్లెడ పట్టు. జల్లెడలో మిగిలిన రవ్వ మళ్ళీ ఆడు. జల్లించిన పిండిని గిన్నెలో చేత్తో అదిమి, వెంటనే మూత పెట్టు. గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలబడాలి. నిలబడకుండా రాలిపోతోందంటే ఆరిపోయిందన్నమాట, అప్పుడు చేతులు తడిచేసుకుని ఓసారి కలిపి మూత పెట్టెయ్యి.

పిండి సిద్ధమయ్యాకే బెల్లం పొయ్యి మీద పెట్టాలి. పాకం పిండి కోసం ఆగదు.

అడుగు మందంగా ఉన్న గిన్నెలో దంచిన బెల్లం వేసి, అర గ్లాసు నీళ్ళు పోసి కరిగించు. కరగ్గానే వడకట్టు, బెల్లంలో ఇసుక ఉంటే పంటి కింద పడుతుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి మధ్యస్థం మంట మీద తిప్పుతూ ఉండు. ముందు పెద్ద పెద్ద బుడగలు వచ్చి నురగ పొంగుతుంది. తర్వాత బుడగలు చిన్నవై, పాకం చిక్కబడి, గరిటె నుంచి బరువుగా జారుతుంది. అప్పటి నుంచి పక్కకి కదలకు. ఫోను వచ్చినా తియ్యకు.

చిన్న పళ్ళెంలో చన్నీళ్ళు పక్కన పెట్టుకో. పాకం ఒక్క బొట్టు అందులో వెయ్యి. నీళ్ళల్లో కలిసిపోయి రంగు వదిలితే ఇంకా కాలేదు. తీగలా సాగి చేతికి అంటుకుంటే దగ్గరికొచ్చింది. వేళ్ళతో దగ్గరికి లాగితే కరగకుండా ముద్దలా చేరాలి, బయటికి తీసి రెండు వేళ్ళ మధ్య పెడితే మెత్తగా అణగాలి, ఉండ చేస్తే ఉండ కావాలి. అదే అరిసెల పాకం. దాన్ని పళ్ళేనికేసి కొడితే టంగుమని మోగిందంటే ముదిరిపోయినట్టు. ఆ పాకంతో చేసిన అరిసెలు కరకరలాడతాయి, మీ మావయ్యకి అవే ఇష్టం. బుజ్జిదానికి పళ్ళు సరిగా రాలేదు కనక నువ్వు మెత్తటి ఉండ పాకం దగ్గరే ఆపు. ఎన్ని నిమిషాలకి వస్తుందని అడిగావు. బెల్లాన్ని బట్టి, గిన్నెని బట్టి మారుతుంది కాబట్టి నిమిషాలు చెప్పను. ప్రతి అర నిమిషానికీ ఓ బొట్టు వేసి చూస్తూ ఉండు.

మీది కరెంటు పొయ్యి కదా. స్విచ్ కట్టేసినా దాని వేడి పోదు, పాకం ఉడుకుతూనే ఉంటుంది. అందుకని పాకం రాగానే గిన్నె దించి, ముందే మడిచి పెట్టుకున్న మందపాటి గుడ్డ మీద పెట్టు. వెంటనే నెయ్యి, నువ్వులు, యాలకుల పొడి వెయ్యి. నువ్వులు వేయించక్కర్లేదు.

ఇక్కడ మాత్రం రెండో మనిషి కావాలి. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు కలపాలి. మామ్మ ఉన్నన్నాళ్ళూ పిండి పోసే పని ఆవిడదే, కలపడం నాది. నువ్వు ఒక్కదానివే మొదలెట్టకు. అల్లుడుగారిని పక్కన నిలబెట్టుకో, మొహమాటపడకు, ఆయనకీ సరదాగానే ఉంటుంది. ఆయన గుప్పెడు గుప్పెడు జల్లుతుంటే నువ్వు గట్టి గరిటెతో ఉండలు కట్టకుండా తిప్పు. పిండి మొత్తం పోసెయ్యాలని లేదు. పాకం ఎంత పడితే అంతే. చలిమిడి గరిటె నుంచి జారీ జారకుండా, ముద్దగా పడేటప్పుడు ఆపెయ్యి. చల్లారితే ఇంకాస్త గట్టిపడుతుంది. పైన చెంచాడు నెయ్యి రాసి మూత పెట్టు. మిగిలిన పిండి కొంచెం దాచుకో, పనికొస్తుంది.

నూనె లోతుగా ఉన్న మూకుట్లో కాచు. పొగ వచ్చేదాకా కాచావంటే పైన అలారం మోగుతుంది, అరిసె పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చిన్న ఉండ వేస్తే అడుగుకి వెళ్ళి నెమ్మదిగా పైకి తేలాలి, అదే సరైన వేడి. చేతికి, ప్లాస్టిక్ కాయితానికి నెయ్యి రాసుకుని, నిమ్మకాయంత ఉండ తీసి వేళ్ళతో గుండ్రంగా వత్తు. మరీ పల్చగా వద్దు, అంచులు చీలకుండా చూసుకో. ముందు ఒక్కటే వేసి చూడు. నూనెలో విచ్చిపోతే పాకం లేతగా ఉందన్నమాట, దాచిన పిండి కాస్త చలిమిడిలో కలుపు. గట్టిగా, పగుళ్ళతో వస్తే రెండు చెంచాలు వేడి పాలు పోసి మెదుపు. ఎంత చేసినా విడిపోతుంటే ఏడుస్తూ కూర్చోకు. ఇంకాస్త పిండి, పచ్చికొబ్బరి ముక్కలు కలిపి చిన్న చిన్న ఉండలు చేసి వేయించెయ్యి. పాకుండలు! మన కోనసీమలో వాటికీ పండగలో చోటుంది.

ఒక వాయికి ఒకటి, మహా అయితే రెండు. పైకి తేలి పొంగగానే తిరగెయ్యి, రెండువైపులా ఎర్రగా రాగానే తీసెయ్యి. ఇంకా రంగు రానీ అనుకోకు, బయటికి తీశాక కూడా ముదురుతుంది. అరిసెల చెక్కలు బరువని పంపలేదు. చదునుగా ఉన్న చిల్లుల గరిటె మీద అరిసె పెట్టి, గిన్నె అడుగుతో మూకుడు మీదే గట్టిగా వత్తు, నూనె కారిపోతుంది. వత్తేటప్పుడు బుజ్జిది కాళ్ళ దగ్గరికి రాకుండా అల్లుడుగారికి అప్పజెప్పు. వేడి నూనె, వేడి పాకం రెండూ ప్రమాదమే, పాకం అయితే చర్మానికి అంటుకుపోతుంది.

వేడి మీద ఒకదాని మీద ఒకటి పెట్టకు, అతుక్కుపోతాయి. కాయితం మీద విడివిడిగా ఆరబెట్టి, పూర్తిగా చల్లారాక స్టీలు డబ్బాలో సర్దు. బయటే పెట్టు, ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకుపోతాయి. తడి చెయ్యి తగలకపోతే పదిహేను రోజులు నిక్షేపంగా ఉంటాయి.

పండగనాడు పొద్దున్నే దేవుడి దగ్గర పెట్టి, పీట మీద పసుపు రాసి, పళ్ళెంలో అరిసెలు పెట్టి, బుజ్జిదాన్ని చెరో చెయ్యి పట్టుకుని ఒక్క అడుగు వేయించండి. పట్టీలు అప్పుడే పెట్టు. తర్వాత ఆ అరిసెలు నలుగురికీ పంచు. పక్కింటావిడ నీ కాన్పప్పుడు భోజనం తెచ్చి ఇచ్చింది కదా, ఆవిడకి ముందు పంపు. బుజ్జిదానికి చిటికెడు తుంపి, పాలల్లో నానబెట్టి పెట్టు, నువ్వుల వల్ల ఏమన్నా దద్దు వస్తుందేమో చూడు.

భోగిపళ్ళకి రేగిపళ్ళు దొరక్కపోతే బంతిపూల రేకులు చాలు. చిల్లర డబ్బులు, శనగలు వెయ్యకు, అది ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసు.

ఆదివారం పొద్దున నీకు ఎనిమిది అయితే మాకు రాత్రి ఎనిమిదిన్నర. మేం మెలకువగానే ఉంటాం. పాకం దించాక ఫోను చెయ్యి, ముందు కాదు.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. వేయించిన నూనె సింకులో పారబొయ్యకు. చల్లారాక వడకట్టి సీసాలో పోసుకుంటే, ఓ వారంలో వాడేసుకోవచ్చు. మరుసటి పూట జంతికలకి బాగుంటుంది. వాటి కొలతలు నాన్నగారు రేపు మెసేజిలో పంపుతానన్నారు.