నగర మారథాన్‌కు 720 మంది వాలంటీర్లు కావాలి. పరిగెత్తనక్కర్లేదు, కాస్త పెందలాడే లేస్తే చాలు!

డిసెంబరు రెండో ఆదివారం, తెల్లవారుజామున 5 గంటలకు ఫుల్ మారథాన్, 42.195 కిలోమీటర్లు
ఉదయం 6:30కి 10 కిలోమీటర్ల పరుగు
మొదలూ ముగింపూ నగర స్టేడియంలోనే
పేరు ఇవ్వడానికి ఆఖరి రోజు: నవంబరు 20

ముందే ఒక మాట. వాలంటీర్‌గా వస్తామన్న ప్రతి పదిమందిలో ఏడెనిమిది మంది అడిగేది ఒక్కటే: "ఫినిష్ లైన్ దగ్గర వేస్తారా?" తప్పేం లేదు. చప్పట్లు, ఫొటోలు, మెడల్స్ అన్నీ అక్కడే ఉంటాయి. కానీ అక్కడ మాకు కావలసింది 58 మందే. మిగతావాళ్లు కావలసింది జనం కనబడని చోట. ముఖ్యంగా 28వ కిలోమీటరు నుంచి 36వ కిలోమీటరు దాకా. ఒంట్లో దాచుకున్న శక్తి చాలామందికి దాదాపు అక్కడే అడుగంటుతుంది. రన్నర్లు దాన్ని "వాల్" అంటారు, గోడ ఎదురొచ్చినట్టు కాళ్లు ఆగిపోతాయని. అప్పుడు చేతికందే ఒక కప్పు నీళ్లు, పేరు పెట్టి పిలిచే ఒక గొంతు ఎంత పని చేస్తాయో పరిగెత్తినవాళ్లను అడగండి. ఈ పోస్టర్ అసలు వేసింది ఆ ఎనిమిది కిలోమీటర్ల కోసమే.

ఏయే పనులు ఉన్నాయి?

నీళ్ల పాయింట్లు – 352 మంది

ప్రతి రెండున్నర కిలోమీటర్లకు ఒకటి, మొత్తం 16. ఒక్కో పాయింట్‌కు 22 మంది. చూడ్డానికి తేలిక పనే అనిపిస్తుంది. మొదటి పావుగంట తేలికే. తర్వాత గుంపు వచ్చి పడుతుంది.

కప్పు నిండా పోయకండి, సగానికి కాస్త పైదాకా చాలు. అరచేతి మీద నిలబెట్టి, లేదా పై అంచు దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, చెయ్యి బాగా చాచండి. గట్టిగా పట్టుకుంటే లాక్కునేటప్పుడు సగం నీళ్లు మీ చొక్కా మీదే పడతాయి. మీ చేతిలో ఉన్నది నీళ్లో ఎలక్ట్రోలైటో గట్టిగా అరిచి చెప్పండి. దాహంతో ఉన్న మనిషికి రుచి చూసి తేల్చుకునే తీరిక ఉండదు. ఒకరు కప్పు తీసుకోగానే వెనక్కి జరిగి ఇంకోటి అందుకోండి, రోడ్డు మధ్యకు మాత్రం వెళ్లకండి. పారేసిన కప్పులు ఎప్పటికప్పుడు పక్కకు ఊడ్చడానికి ప్రతి పాయింట్‌లో నలుగురు ఉంటారు. తడిసిన కప్పు మీద కాలు జారితే ఆ మనిషి పరుగు అక్కడితో సరి. అందుకే ఊడ్చే పనిని చిన్నదిగా చూడొద్దు.

ఇంకొకటి. "తాగండి, ఇంకా తాగండి" అని ఎవరినీ బలవంతపెట్టొద్దు. అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, ఎండదెబ్బ లాగే అదీ ప్రాణం మీదికి తేగలదు. అడిగితే ఇవ్వండి, వద్దంటే వదిలేయండి.

కోర్స్ మార్షల్స్ – 210 మంది

మలుపుల దగ్గర, కూడళ్ల దగ్గర జెండా పట్టుకుని దారి చూపే పని. నగరం పరుగు కోసం మొత్తంగా ఆగిపోదు కదా. మోటార్‌సైకిల్ మీద ఒకాయన వచ్చి "అయిదు నిమిషాల్లో వెళ్లిపోతాను, వదలండి" అంటాడు. నడిచి రోడ్డు దాటాలనుకునే పెద్దావిడ ఉంటుంది. ఓపిగ్గా, నవ్వుతూ, కానీ గట్టిగా మాట్లాడగలిగినవాళ్లు కావాలి. వాహనాలు ఆపే అధికారం ట్రాఫిక్ పోలీసులది, మీది కాదు. మీరు వాళ్లకు తోడుగా ఉంటారు. మనుషులు దాటాలంటే రన్నర్ల మధ్య ఖాళీ చూసి దాటిస్తారు. అంబులెన్స్ వస్తే మాత్రం ముందు రన్నర్లనే ఆపాలి. ఎంత ముందున్నవాళ్లయినా సరే, ఇందులో మొహమాటం లేదు.

తప్పు మలుపు ఒక్కటి తిప్పితే వందలమంది ఎక్కువ దూరమో తక్కువ దూరమో పరిగెత్తేస్తారు, ఆ రోజు టైమింగ్స్ అన్నీ పనికిరాకుండా పోతాయి. కాబట్టి ఈ పనికి ఎంపికైనవాళ్లు శిక్షణ రోజున తమ కూడలికి ఒకసారి వెళ్లి చూసి రావాలి. ఫోన్‌లో తల పెట్టుకుని నిలబడే అలవాటుంటే దయచేసి ఇంకో పని ఎంచుకోండి.

బిబ్ పంపిణీ – 60 మంది

పరుగుకు ముందు శుక్ర, శనివారాలు. బిబ్ అంటే రన్నర్ చొక్కా ముందు పెట్టుకునే నంబరు కాగితం. గుర్తింపు కార్డు చూసి, జాబితాలో పేరు సరిచూసి, బిబ్, టీషర్టు ఇవ్వాలి. బిబ్ వెనక అత్యవసర ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూప్ రాసే గడి ఉంటుంది. అది నింపకుండా ఎవరినీ కౌంటర్ దాటనివ్వకండి. "తర్వాత రాస్తాను" అన్నవాళ్లు రాయరు, పెన్ను మీరే చేతిలో పెట్టండి. ఎక్కువసేపు నిలబడలేనివాళ్లకు, వీల్‌చెయిర్ వాడేవాళ్లకు, పెద్దవాళ్లకు ఈ పని బాగుంటుంది. కుర్చీ, ఫ్యాన్ రెండూ ఉంటాయి.

బ్యాగ్ కౌంటర్ – 40 మంది

తెల్లారకముందు బ్యాగులు తీసుకుని నంబరు ప్రకారం పేర్చడం, తర్వాత తిరిగి ఇవ్వడం. బ్యాగుకు కట్టిన ట్యాగ్, రన్నర్ బిబ్ కలిస్తేనే ఇవ్వాలి. రెండేళ్ల క్రితం ఇక్కడ మేమే తప్పు చేశాం. వరుసలు కలిసిపోయాయి, పరుగు ముగించినవాళ్లు చెమట బట్టలతో ముప్పావు గంట నిలబడ్డారు. ఆ తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఈసారి వందకో రంగు పట్టీ.

ఫినిష్ లైన్ – 58 మంది

మెడల్ వేయడం, టైమింగ్ చిప్ వెనక్కి తీసుకోవడం, నీళ్లు ఇవ్వడం. వీటన్నిటికంటే ముఖ్యమైనది జనాన్ని నడిపించడం. గీత దాటగానే చాలామంది అక్కడే ఆగిపోతారు. అంతసేపు పరిగెత్తి ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి. "ఇంకో నాలుగడుగులు, అలా నడుస్తూ ఉండండి" అంటూ ముందుకు పంపాలి. ఎవరైనా పడిపోతే మాత్రం లేపి నడిపించే ప్రయత్నం చేయకండి, వెంటనే ఎర్ర జాకెట్ వేసుకున్న వైద్య బృందాన్ని పిలవండి.

డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు పై లెక్కలో లేరు. వాళ్లు ఫారంలో "వైద్య బృందం" అన్న గడి నింపితే మా మెడికల్ డైరెక్టర్ విడిగా మాట్లాడతారు.

షిఫ్టులు

శుక్రవారం, శనివారం బిబ్ పంపిణీ: ఉదయం 9:30 నుంచి 2 వరకు, లేదా మధ్యాహ్నం 1:30 నుంచి 6 వరకు. మధ్యలో అరగంట రెండు షిఫ్టులూ కలిసి ఉంటాయి, పని అప్పజెప్పడానికి.

ఆదివారం:
బ్యాగ్ కౌంటర్: 3:00 – 7:00, లేదా 7:00 – 12:00
నీళ్ల పాయింట్లు 1 నుంచి 8: 4:00 – 8:30
నీళ్ల పాయింట్లు 9 నుంచి 13: 5:30 – 10:15
నీళ్ల పాయింట్లు 14 నుంచి 16: 6:00 – 11:15
కోర్స్ మార్షల్స్: మీ కూడలిని బట్టి నాలుగు నుంచి అయిదు గంటలు
ఫినిష్ లైన్: 6:30 – 9:30, లేదా 9:00 – 12:00

మారథాన్‌కు గడువు ఆరు గంటలు. ఆ లెక్కన 32.5 కిలోమీటర్ల దగ్గరున్న 13వ పాయింట్‌కు అందరికంటే ముందున్నవాళ్లు 6:45 ప్రాంతంలో వస్తే, ఆఖరివాళ్లు 9:40కి వస్తారు. ఆ ఆఖరివాళ్లు వచ్చేటప్పటికి బల్లలు మడిచేసి ఉండకూడదు, నీళ్లు అయిపోయి ఉండకూడదు. అందరికంటే ఎక్కువసేపు ఎండలో ఉన్నది వాళ్లే. పరుగు చివర వచ్చే స్వీప్ వ్యాన్ మీ పాయింట్ దాటాకే షిఫ్టు ముగిసినట్టు.

మీకు ఏమిస్తాం?

డబ్బు ఇవ్వం. అది ముందే తెలియాలి.

టీషర్టు, టోపీ, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు ఇస్తాం. ఆదివారం తెల్లవారుజామున 2:30 నుంచి నగరంలో ఆరు చోట్ల నుంచి బస్సులు ఉంటాయి, పని అయ్యాక అవే బస్సులు తిరిగి దింపుతాయి. షిఫ్టుకు ముందు టీ, బిస్కట్లు, మధ్యలో టిఫిన్, 11 దాటాక కూడా ఉన్నవాళ్లకు భోజనం. టిఫిన్ మీరు నిలబడ్డ చోటికే వస్తుంది, దాని కోసం పాయింట్ వదిలి వెళ్లక్కర్లేదు. వాన పడితే రెయిన్ కోటు, ఎండ ముదిరితే నీడకు గొడుగు. ప్రతి పాయింట్‌కు దగ్గర్లో టాయిలెట్ ఎక్కడుందో మ్యాప్‌లో గుర్తు పెట్టి ఇస్తాం. ఇది అడగడానికి చాలామంది సిగ్గుపడతారు, అందుకే మేమే చెప్తున్నాం.

ఆ రోజుకు ప్రమాద బీమా మా ఖర్చే. మీరు చేసిన పని, గంటలు రాసి సంతకం పెట్టిన సర్టిఫికెట్ రెండు వారాల్లో మెయిల్‌లో వస్తుంది. కాలేజీ విద్యార్థులు దాన్ని సేవా గంటల కింద చూపించుకోవాలంటే ముందుగా మీ కాలేజీలో ఒక మాట అడిగి పెట్టుకోండి. వచ్చే ఏడాది మీరే పరిగెత్తాలనుకుంటే రిజిస్ట్రేషన్ మొదలవడానికి వారం ముందే మీకు లింక్ పంపుతాం. 9 నుంచి 13 పాయింట్లలో షిఫ్టు పూర్తిచేసినవాళ్లకు ఎంట్రీ ఫీజు కూడా ఉండదు.

మెడల్ మాత్రం ఇవ్వం. అది 42 కిలోమీటర్లు పరిగెత్తినవాళ్లది.

ఎవరు రావచ్చు?

18 నిండినవాళ్లెవరైనా. 16, 17 ఏళ్లవాళ్లు తల్లిదండ్రుల సంతకంతో బిబ్ పంపిణీకి రావచ్చు. ఆదివారం తెల్లవారుజామున వాళ్లను రోడ్డు మీద నిలబెట్టం. పరుగులో అనుభవం అక్కర్లేదు. స్నేహితులు ఒకేచోట ఉండాలంటే ఫారంలో గ్రూపు పేరు ఒకేలా రాయండి, 22 మంది కలిసి వస్తే ఒక పాయింట్ మొత్తం మీకే అప్పగిస్తాం, దానికి మీ బోర్డు మీరే రాసుకోవచ్చు. మీ ఇంట్లో ఎవరైనా ఆ రోజు పరిగెత్తుతుంటే అదీ రాయండి, వాళ్లు మీ ముందునుంచి వెళ్లేచోటే వేయడానికి చూస్తాం.

శిక్షణ తప్పనిసరి: డిసెంబరు మొదటి ఆదివారం, ఉదయం 8 నుంచి 10 వరకు, స్టేడియం రెండో గేటు లోపలి హాల్లో. అందులో ఒక అరగంట సీపీఆర్ నేర్పిస్తారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడం వినడానికి సులువే, బొమ్మ మీద చేసి చూస్తేగానీ చేతులకు తెలియదు. శిక్షణకు రానివారికి షిఫ్టు ఇవ్వలేం.

పేరు ఇవ్వడానికి పోస్టర్ కింద ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. స్మార్ట్‌ఫోన్ లేకపోతే స్టేడియం రెండో గేటు దగ్గర వాలంటీర్ డెస్క్‌లో కాగితం ఫారం ఉంటుంది, రోజూ సాయంత్రం 5 నుంచి 8 వరకు. నవంబరు 25 లోపు మీ పని, చోటు, బస్సు ఎక్కే స్థలం మెసేజ్‌లో వస్తాయి. రాలేకపోతే దయచేసి నాలుగు రోజుల ముందు చెప్పండి, ఆదివారం తెల్లవారుజామున 3 గంటలకు ఫోన్ స్విచాఫ్ చేస్తే ఆ పాయింట్‌లో మిగతా 21 మందికీ టెన్షన్.

ఫారంలో "మీకు ఇష్టమైన చోటు" అన్న ప్రశ్న ఉంటుంది. ఫినిష్ లైన్ అని రాసే ముందు 13వ పాయింట్ వైపు ఒకసారి చూడండి. ఈ పోస్టర్ అచ్చుకు వెళ్లేనాటికి అక్కడ 22 మందికి అయిదుగురే ఉన్నారు.