బి-304లో కొత్తగా దిగాం, అందరికీ నమస్కారం

పెద్దలందరికీ నమస్కారమండీ. నా పేరు సుజాత. బి బ్లాక్ 304లో అద్దెకు దిగాం. గ్రూపులో చేర్చినందుకు సెక్రటరీ గారికి ధన్యవాదాలు.

మాది రాజమండ్రి, దానవాయిపేట. మావారికి బాచుపల్లిలో ఉద్యోగం రావడంతో హైదరాబాద్ వచ్చాం. మొన్న శ్రావణ శుక్రవారం పొద్దున్నే పాలు పొంగించుకున్నాం. ఇంట్లో మేమిద్దరం, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి, మా అత్తయ్య గారు ఉంటాం.

అత్తయ్య గారి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆవిడ రిటైర్డ్ టీచరు, వయసు 74. ఎడమ చెవి సరిగ్గా వినపడదు. పలకరిస్తే బదులివ్వలేదని దయచేసి ఏమీ అనుకోకండి, కుడివైపు నుంచి మాట్లాడితే బాగా వినిపిస్తుంది, ఇక కబుర్లు ఆగవు. సాయంత్రం కింద నడవడానికి వెళ్లి, రెండు బ్లాకులూ ఒకేలా ఉండటంతో నిన్న ఎ-304 బెల్లు కొట్టారట. ఆ ఇంటివాళ్లు లోపల కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మా గుమ్మం దాకా తెచ్చి దిగబెట్టారు. కొత్త ఊళ్లో ఆవిడ ఒంటరిగా తిరుగుతారని నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. మీరు చేసిన సాయం మరిచిపోలేనండీ. ముత్యాల ముక్కుపుడక, చేతిలో నీలం గొడుగు, అదీ ఆవిడ గుర్తు. మళ్లీ ఎక్కడైనా తడబడుతూ కనిపిస్తే నాకు ఒక్క ఫోన్ చేయండి, వెంటనే వచ్చేస్తాను.

నేను పిల్లలకు వీణ నేర్పుతాను. నాది బొబ్బిలి వీణ, ఒకే పనస దుంగ నుంచి చెక్కింది, నాదం గది దాటి వినిపిస్తుంది. రోజూ సాయంత్రం 5:30 నుంచి 6:30 వరకే, తలుపులు వేసుకుని సాధన చేస్తాను. పరీక్షలకు చదివే పిల్లలున్నా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా మొహమాటపడకుండా చెప్పండి, ఆ రోజుకు ఆపేస్తాను.

ఈ శనివారం కర్టెన్లకూ గీజరుకూ డ్రిల్లింగ్ ఉంది. ఉదయం 10 తర్వాత మొదలుపెట్టి, మధ్యాహ్నం ఒంటిగంట లోపు ముగించమని చెప్పాను. 204 వాళ్లకు ఒక మాట: బాల్కనీలో మా కరివేపాకు, తులసి కుండీల కింద పళ్లాలు పెట్టాను. అయినా నీళ్లు కారి మీ బట్టల మీద పడితే చెప్పండి, కుండీలు లోపలికి జరుపుతాను. కారు మాకు కేటాయించిన చోటే పెడుతున్నాం. గ్రూపు నియమాలు చదివాను, అలాగే పాటిస్తాం.

వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం చేసుకుంటున్నాం. అక్కలు, చెల్లెళ్లు, పిన్నిగార్లు అందరూ సాయంత్రం 5 గంటల నుంచి తాంబూలానికి రండి. పూజల అలవాటు లేనివాళ్లు కూడా మా ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్తే మాకు సంతోషం.

చివరగా ఒక సాయం. చెత్త బండి ఏ టైముకు వస్తుంది? తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా పెట్టాను, గుమ్మం బయట ఉంచాలా, కిందకు తేవాలా? వీలున్నవాళ్లు చెప్పగలరు.