నాన్న షష్టిపూర్తి రీల్: క్యాప్షన్లు, వాయిస్ ఓవర్

తమ్ముడూ, మొత్తం 90 సెకన్లు, నిలువు ఫ్రేమ్. అడ్డంగా తీసిన క్లిప్పుల్ని కత్తిరించి నిలువు చేయకు, పక్కనున్న అమ్మ ఎగిరిపోతుంది. పైనా కిందా ఖాళీ వదిలి, క్యాప్షన్ అక్కడే పెట్టు. బాబాయ్ క్లిప్పులు వాట్సాప్‌లో మసకగా వచ్చాయి, డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమన్నాను. గొంతు నాది. మనవాళ్ల మాటలు బాగా వినిపించిన చోట నేను మాట్లాడను.

0–8: కొట్టుకు తాళం వేస్తున్న నాన్న. షట్టర్ చప్పుడు ఉంచు.
క్యాప్షన్: ఈ రోజు కొట్టు సెలవు. అప్పు కూడా లేదు!
వాయిస్: "పండగ పూట కూడా మధ్యాహ్నం దాకా కొట్టు తెరిచే మా నాన్న, ఈ రోజు తాళంచెవి అమ్మ చేతిలో పెట్టారు."

8–20: సంకల్పం. పంతులుగారు "విశ్వావసు నామ సంవత్సరే" అన్నది పూర్తిగా వినిపించాలి.
వాయిస్, ఆ తర్వాతే: "1965లో నాన్న పుట్టిందీ విశ్వావసులోనే. అరవై ఏళ్లు తిరిగి, 2025లో అదే పేరు మళ్లీ వచ్చింది."
క్యాప్షన్: విశ్వావసు నుంచి విశ్వావసుకి

20–28: కలశాల నీళ్లతో స్నానం. ముఖం వరకే చూపించు. వాయిస్ లేదు, నాన్న కేక చాలు.
క్యాప్షన్: కార్తీకం. చన్నీళ్లు. దేవుడా!

28–60: మంగళసూత్రం. రీల్ అంతా దీని కోసమే, తొందరపడకు. అత్త ఎదురుగా తీసింది, చిన్నమ్మ పక్కనుంచి, బావ ఫొటోగ్రాఫర్ వీపు వెనకనుంచి. గట్టిమేళం మొదటి దెబ్బ దగ్గర మూడూ కలుపు. సౌండ్ మాత్రం చిన్నమ్మ ఫోన్‌దే తీసుకో, మూడూ కలిస్తే గోల. "ఈసారైనా మూడో ముడి గట్టిగా వేయండి" అని అమ్మ అన్నది అందులోనే ఉంది. ఆ మాట క్యాప్షన్‌గా వేయి, నవ్వుల్లో సరిగా వినపడదు.
తర్వాత పాత పెళ్లి ఫొటో, 4 సెకన్లు.
వాయిస్: "మొదటి పెళ్లికి మిగిలింది ఈ ఒక్క ఫొటో. ఈ పెళ్లికి ఎనిమిది ఫోన్లు. అయినా ముడి వేసిన వేళ్లు ఎవరికీ సరిగా దొరకలేదు."
చివర్లో తలంబ్రాలు, పిల్లలు ఏరుకోవడంతో సహా.

60–74: భోజనాలు. చకచకా కట్‌లు: పులిహోర, బొబ్బట్లు, పనసపొట్టు కూర. మామయ్య నములుతున్న క్లోజప్ తీసెయ్, మనకెందుకు గొడవ.
క్యాప్షన్: పనసపొట్టు కూర మూడోసారి వేయించుకున్నవాళ్ల పేర్లు చెప్పం

74–90: నానమ్మ అక్షింతలు. సన్నాయి తగ్గించు, ఆవిడ గొంతే వినపడాలి.
క్యాప్షన్: "ఇంకా నా కంటికి చిన్నపిల్లాడివే రా"

సినిమా పాట వద్దు, మన సన్నాయే వాడు. లేకపోతే సౌండ్ మ్యూట్ చేస్తారేమోనని టెన్షన్.

పోస్ట్ కింద రాయాల్సింది: "అమ్మానాన్నల రెండో పెళ్లి, కాకినాడ. వీడియోలు పంపిన అందరికీ థ్యాంక్స్. మీ క్లిప్ కనపడకపోతే తమ్ముడిని అడగండి, నన్ను కాదు."