విషయం: టైమ్‌షీట్లు ఇంకా రాలేదు!!

అందరికీ,

గత వారం టైమ్‌షీట్లు సగం మందివి రాలేదు..... ఎందుకు?? ఈరోజు సాయంత్రం 5 గంటలలోపు నింపండి, నింపాక నాకు మెసేజ్ పెట్టనవసరం లేదు సిస్టమ్‌లో కనిపిస్తుంది

ఓర్వకల్లు సైట్‌కు వెళ్లినవాళ్లు ప్రయాణ సమయం వేరే వరుసలో రాయాలి , పని గంటల్లో కలపకూడదు! రోజుకు 8 గంటలు "ఇతర పనులు అని రాస్తే వెనక్కి పంపిస్తాను. ఏ పని. ఎన్ని గంటలు. అంతే.

మీరు ఎండలో నిలబడి చేసిన పని లెక్కలోకి రాకపోతే ఓవర్‌టైమ్ డబ్బులు ఆగిపోతాయి అది నాకు ఇష్టం లేదు. అకౌంట్స్ వాళ్లు రేపు ఉదయం లెక్కలు మూసేస్తారు,, ఆ తర్వాత నన్ను అడగవద్దు.

సెలవులో ఉన్నవాళ్లు కూడా నింపాలి! సెలవు అని.

ప్రాజెక్ట్ మేనేజర్,
కర్నూలు