రెండో కిక్కు: వీడియో కాన్సెప్ట్, షాట్ల వరుస

తమ్ముడూ, పాట నలభైసార్లు విన్నాక రాస్తున్నాను. మొత్తం చదివాకే ఫోన్ చెయ్యి, సగంలో చెయ్యకు.

కథ ఒక్క ముక్క. నాన్న పోయిన ఏడాదికి కొడుకు ఊరొచ్చి, ఆయన నడిపిన పాత ఎక్సెల్ బండిని గోదావరి అవతల కొన్నవాళ్లకి అప్పజెప్పి, పంటు మీద ఒంటరిగా తిరిగొస్తాడు. అంతే. ఒక్క సాయంత్రంలో జరిగిపోతుంది. నువ్వు మెసేజ్‌లో రాసిన హీరోయిన్, హైదరాబాద్ ఆఫీసు సీను, వానలో ఏడుపు అన్నీ తీసేశాను. నీ పాటలో అమ్మాయి లేదు, వీడియోలో మాత్రం ఎందుకు? ఫ్లాష్‌బ్యాక్ కూడా లేదు. నాన్న వేషం వేసే మనిషిని పెడితే చూసేవాళ్లు వాళ్ల నాన్నని కాకుండా ఆ నటుణ్ణి చూస్తారు. మనకి బండి చాలు.

చోటు కోటిపల్లి రేవు, అవతల ముక్తేశ్వరం. సంక్రాంతి అయిన వారం తీద్దాం. వరదల కాలంలో పంటు నడుస్తుందన్న గ్యారంటీ ఉండదు, ఎండాకాలంలో మధ్యాహ్నం మూడింటికి కూడా మొహం మీద వెలుగు సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. జనవరిలో పొద్దు ఆరు లోపే గుంకుతుంది కాబట్టి నాలుగు నుంచి ఆరు మధ్య మనకి కావలసిన పసుపు రంగు ఉచితంగా దొరుకుతుంది. పైగా సాయంత్రం కోటిపల్లి నుంచి అవతలికి వెళ్తుంటే సూర్యుడు దాదాపు ఎదురుగా ఉంటాడు, అంటే నీ వెనక నించుని తీసినా నీ చుట్టూ వెలుగు అంచు వస్తుంది, లైట్లు అద్దెకి తేనక్కర్లేదు. నర్సాపురం రైలు మార్గం కోసం నదిలో లేపిన వంతెన స్తంభాలు ఫ్రేములో పడినా పడనిద్దాం. పడవ దాటే రోజులు ఎన్నాళ్లుంటాయో అన్న మాట మనం చెప్పకుండానే అవి చెప్తాయి.

ఇక లెక్క. పాట 80 బీపీఎం, అంటే ఒక బార్‌కి సరిగ్గా 3 సెకన్లు. నాలుగు నిమిషాలకి 80 బార్లు. కటింగ్ అంతా బార్ల మీదే ఉంటుంది కాబట్టి కింద టైములు చూసి కంగారుపడకు.

0:00–0:24, ఇంట్రో

షాట్ 1. నల్ల తెర. నువ్వు రికార్డ్ చేసిన కిక్కు శబ్దం, ఇంజిన్ దగ్గి ఆగిపోవడం. రెండు బార్లు తెర నల్లగానే ఉంటుంది. జనం స్కిప్ చేస్తారని భయపడతావు, నాకు తెలుసు. చెయ్యనీ.

షాట్ 2. క్లోజప్. హవాయి చెప్పులో పాదం, కిక్ రాడ్, రెండో కిక్కు. బండి అందుకుంటుంది. టూస్ట్రోక్ బండి కాబట్టి పెట్రోల్లో కలిపిన ఆయిల్ నీలం పొగ వదులుతుంది, ఆ పొగ వెనకనుంచి ఎండ పడాలి. ఒక్క పొగ కోసం పది టేకులైనా సరే.

షాట్ 3. వెనక క్యారేజీ మీద కట్టిన సైకిల్ ట్యూబు ముక్క. ఎరువు బస్తా, కొబ్బరికాయల గోతం, గ్యాస్ బండ, ఏది వేసినా ఆయన కట్టేది దీంతోనే. నీ వేళ్లు ముడి విప్పబోయి వదిలేస్తాయి. వీడియోలో అసలు వస్తువు ఇదే, గుర్తుపెట్టుకో.

షాట్ 4. వైడ్. ఇల్లు, వాకిలి, నువ్వు బయల్దేరడం. అమ్మ రోడ్డు మీదకి రాదు, గుమ్మానికి ఆనించిన చెయ్యి మాత్రం కనిపిస్తుంది. మీ అమ్మగారినే అడుగు, మొహం కనపడదని చెప్తే ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యకు, మా పిన్నిని పిలుస్తాను.

0:24–1:12, పల్లవి

షాట్ 5 నుంచి 7 కాలవ గట్టు మీద. వ్యాన్ వెనక తలుపు తీసి, నన్ను నడుముకి తాడుతో కట్టేసి, ముందు నుంచి నిన్ను తీస్తాను. వేగం 20 దాటొద్దని డ్రైవర్‌కి ఇప్పుడే చెప్పి ఉంచు. 5 ఎదురు నుంచి మిడ్ షాట్, 6 మిగిలిన ఒక్క అద్దంలో వెనక్కి పోయే దారి, 7 పక్కనుంచి, కొబ్బరి చెట్ల నీడలు నీ మీదుగా చారలు చారలుగా. ఇక్కడ పెదాలు కదపకు. "నీ చేతి వేడి ఇంకా ఉంది హ్యాండిల్ మీద, నేనెటు తిప్పినా నీ దారికే పోతోంది" అన్న లైను వెనక వినిపిస్తుంటే నువ్వు ఊరికే బండి నడుపు. పాడుతూ నడిపితే రికార్డింగ్ డాన్సులా ఉంటుంది.

షాట్ 8. పంచరు షాపు. నువ్వు ఆగవు కూడా, స్లో అవుతావు. షాపాయన లేచొచ్చి అలవాటుగా వెనక టైరుని బొటనవేలితో నొక్కి చూస్తాడు, తల ఊపుతాడు, వెళ్లమంటాడు. డబ్బులు అడగడు. దీన్ని 12 సెకన్లు కోయకుండా ఉంచుతాను. నటుడు వద్దు, అక్కడున్న నిజం మెకానిక్‌నే అడుగుదాం, ఆ నొక్కడం మనవాళ్లకి నేర్పితే రాదు.

షాట్ 9. రేవు వైపు దిగే దారి, వెనకనుంచి వైడ్, నది మొదటిసారి కనిపిస్తుంది.

1:12–1:36, మ్యూజిక్ బిట్

షాట్ 10–13. పంటు ఒడ్డుకి ఆనడం, చెక్కల మీద చక్రం ఎక్కేటప్పుడు ఆ ఎగురు, పక్కనున్న బండ్లు, బుట్టలు, నిలబడ్డ కాళ్లు. ఒక్కోటి రెండు బార్లు. మొహాలు పడితే ముందే వాళ్లని అడుగుదాం, వద్దన్నవాళ్లని ఫ్రేము నుంచి తప్పిద్దాం.

1:36–2:24, మొదటి చరణం

షాట్ 14. మొత్తం చరణం ఒకే షాట్, నువ్వు పాడేది కూడా ఇక్కడ ఒక్కచోటే. పంటు అంచున బండికి ఆనుకుని నిలబడతావు, కెమెరా ట్రైపాడ్ మీద, కదలదు, వెనక నది మాత్రమే కదులుతుంది. కానీ నీళ్లు, పక్షులు, నీ జుట్టు సగం వేగంతో కదలాలి, నీ పెదాలు మాత్రం పాటకి సరిపోవాలి. అందుకని సెకనుకి 50 ఫ్రేములు తీసి 25లో ప్లే చేస్తాం. తీసేటప్పుడు పాటని రెట్టింపు వేగంతో, అంటే 160 బీపీఎంలో వేస్తాం, నువ్వు దానికి తగ్గట్టు గబగబా పాడాలి. 48 సెకన్ల చరణం 24 సెకన్లలో అయిపోతుంది. తీసేటప్పుడు పంటు మీద జనం నవ్వుతారు, నువ్వు కోడిపుంజులా పాడుతుంటావు మరి. అద్దం ముందు వారం రోజులు ప్రాక్టీస్ చెయ్యి. కళ్లు ఆర్పడం కూడా నెమ్మదిస్తుంది కాబట్టి ఎక్కువ ఆర్పకు. షటర్ 1/100, ఎదురెండకి ఎన్‌డీ ఫిల్టర్. నిన్ను నడిమధ్యలో పెడతాను, రీల్‌కి నిలువుగా కోసుకున్నా పనికొస్తుంది.

ఒక్క దాటుకి మహా అయితే నాలుగు టేకులు. అందుకే రెండు సాయంత్రాలు పెట్టుకున్నాం. మొదటి రోజు ఇది దొరికితే రెండో రోజు ప్రాణం హాయి.

2:24–2:48, పల్లవి మళ్లీ

షాట్ 15–19. బండి మీద ఐదు క్లోజప్‌లు: అరిగి నున్నబడ్డ హారన్ బటన్, ఎప్పుడో ఆగిపోయిన కిలోమీటర్ల మీటరు, ఎడమవైపు సొట్ట, సగం చెరిగిన పేరు స్టిక్కరు, మళ్లీ ఆ ట్యూబు ముక్క. బండిని కడగొద్దు. అద్దెకిచ్చేవాళ్లు మర్యాదకి కడిగి పంపుతారు, ముందే ఫోన్ చేసి ఆపు.

2:48–3:24, రెండో చరణం

షాట్ 20. ముక్తేశ్వరం వైపు ఒక పెంకుటిల్లు ముందు. కొన్నాయన బండి చుట్టూ ఒక రౌండు కొడతాడు. షాట్ 21. డబ్బు లెక్కపెట్టే చేతులు, ఐదొందల నోట్లు, ఒకదానికి చిరుగు, మార్చి ఇస్తాడు. షాట్ 22. తాళం, ఆర్సీ చేతులు మారడం. ఆర్సీ మీద పేరు కనపడనివ్వను, లేకపోతే చనిపోయినవాళ్ల బండి ముందు వారసుల పేరు మీదకి మారాలి కదా అని కామెంట్లలో ఎవరో ఒకరు పీకుతారు. షాట్ 23. ఆయన మనవడు పరిగెత్తుకొచ్చి ముందు జాగాలో నిలబడి హ్యాండిల్ పట్టుకుంటాడు. నువ్వు చిన్నప్పుడు నించున్న చోటే. నువ్వు చూసి చూపు తిప్పేసుకో, నవ్వకు. పిల్లాడి తల్లో తండ్రో పక్కనే ఉండాలి, బండి స్టాండ్ మీదే ఉండాలి.

3:24–3:48, చివరి పల్లవి

షాట్ 24. కొన్నాయన మొదటి కిక్కు. లేవదు. ఇక్కడ ఒక బార్ అన్ని వాయిద్యాలూ ఆపించు, మిక్స్‌లో ఈ ఒక్క మార్పు నాకు కావాలి, బతిమాలుతున్నాను. ఆ మూడు సెకన్లూ నీ మొహం. నోరు తెరవబోయి ఆగిపోతావు, చెయ్యి మాత్రం కొంచెం లేస్తుంది. షాట్ 25. రెండో కిక్కు, ఇంజిన్, దాంతోపాటే పల్లవి. షాట్ 26. బండి సందు తిరిగి పోతుంది, క్యారేజీ ఖాళీగా ఉంటుంది. ట్యూబు లేదు. విప్పడం మనం ఎక్కడా చూపించం.

3:48–4:00

షాట్ 27. తిరుగు పంటు, పొద్దు గుంకిన తర్వాతి నీలం వెలుగు. బండ్ల మధ్య నువ్వొక్కడివే నడిచి ఎక్కినవాడివి. ట్యూబు ముక్క మణికట్టుకి చుట్టుకుంటూ ఉంటావు. కట్ టు బ్లాక్. చివరి ట్రిప్పు ఎన్నింటికో ముందురోజు రేవులో అడుగుదాం, అది తప్పితే రాత్రంతా అవతలే.

డబ్బు విషయం. 35,000కి ఒక్క రూపాయి మించదు. వ్యాన్ రెండు రోజులకి 8,000, ఆరుగురి భోజనాలు 6,000, గది 2,400, లెన్స్ అద్దె 2,000, ఫిల్టర్ 1,200, పంటు టికెట్లూ అక్కడివాళ్ల చేతిలో పెట్టేదీ కలిపి 2,500, కొన్నాయనగా వేసే పెద్దాయనకి 2,000, బండి అద్దె 1,500, కలర్ చేసే కుర్రాడికి 5,000, పోస్టరుకీ సబ్‌టైటిళ్లకీ 1,500. మిగిలిన 2,900 నా జేబులో ఉంటుంది, ఏదో ఒకటి చెడిపోతుంది కదా. కెమెరా నాదే, నా పని నీ పెళ్లిలో వసూలు చేసుకుంటాను. డ్రోన్ లేదు. రోజుకి ఆరు వేలు పోసి నది మీద గాలికి అది ఎటు పోతుందోనని టెన్షన్ పడే ఓపిక నాకు లేదు, పైగా కోనసీమని పైనుంచి చూడని మనిషి ఇంకా మిగిలాడా?

శనివారం లోపు 160 బీపీఎం ఫైలు, ఒక బార్ ఆపిన కొత్త మిక్స్ పంపు. బట్టలు రెండు జతలూ ఒకేలాంటివి ఉండాలి, లేత రంగు చొక్కా, గళ్లు వద్దు. చెప్పులు మాత్రం కొత్తవి కొనకు.