లైన్ 2, ప్లాట్‌ఫాం 3: ఉదయం 8:36 తర్వాత రావాల్సిన రైళ్లు ఏమవుతున్నాయి?

మెట్రో కస్టమర్ కేర్ వారికి నమస్కారం. రెండు లైన్లు కలిసే ఇంటర్‌చేంజ్ స్టేషన్‌లో, లైన్ 2 ప్లాట్‌ఫాం 3 మీద ఇవాళ మంగళవారం ఉదయం చూసింది రాస్తున్నాను. ఇవాళ ఒక్కరోజు ఇబ్బందే అయితే సర్దుకుపోయేదాన్ని. ఆఫీసులున్న రోజుల్లో ఈ వేళకి ఇదే పరిస్థితి ఉంటోంది కాబట్టి టైములతో సహా మీ ముందు పెడుతున్నాను.

స్టేషన్‌లో మీరు అంటించిన టైమ్‌టేబుల్ ప్రకారం ఉదయం 8 నుంచి 10 దాకా నాలుగు నిమిషాలకో రైలు ఉండాలి. ఇవాళ 8:36కి ఒకటి వచ్చింది. తర్వాతది 8:44కి, ఆ తర్వాతది 8:52కి. ఆ తర్వాత మళ్లీ నాలుగేసి నిమిషాలకు నడిచాయి. మధ్యలో రావాల్సిన 8:40, 8:48 రైళ్ల ఊసే లేదు. రద్దయ్యాయని బోర్డు మీద వేయలేదు, అనౌన్స్‌మెంట్ కూడా చేయలేదు.

ఎనిమిది నిమిషాలే కదా అనిపించొచ్చు. కానీ ఈ స్టేషన్‌లో కష్టం వేరు. పై అంతస్తులో లైన్ 1 రైళ్లు ఆ టైములో సరిగ్గా నాలుగు నిమిషాలకొకటి వస్తూనే ఉన్నాయి. వాటిలోంచి దిగినవాళ్లలో చాలామంది కిందికొచ్చి లైన్ 2 ఎక్కాలి. అంటే మా వైపు ఒక్క రైలు వచ్చేలోపు పైనుంచి రెండు రైళ్ల జనం దిగుతున్నారు. బయటి గేట్ల నుంచి వచ్చేవాళ్లు అదనం. 8:44 రైలు అప్పటికే నిండుగా వచ్చింది. తలుపులు మూసుకోబోయి, అడ్డం తగిలి, మళ్లీ మళ్లీ తెరుచుకున్నాయి. రైలు నిమిషం పైగా అక్కడే ఆగిపోయింది. ఇలా ఆగేకొద్దీ వెనకాల రైలు కూడా ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యంలో ముందు స్టేషన్లలో ఇంకా జనం పోగవుతారు. ఈ సంగతి మాకంటే మీ కంట్రోల్ రూమ్‌కే బాగా తెలుసు.

నన్ను నిజంగా భయపెట్టింది మెట్ల దగ్గర పరిస్థితి. రైలెక్కలేక ఆగిపోయినవాళ్లు ప్లాట్‌ఫాం మధ్యలో మెట్ల మొదటి దాకా నిలబడిపోయారు. ఎస్కలేటర్ మాత్రం కిందికి జనాన్ని దింపుతూనే ఉంది. దిగినవాళ్లకు ముందడుగు వేసే చోటు లేదు, వెనక్కి పోయే వీలూ లేదు. ఒక పెద్దాయన తూలి ముందువాళ్ల మీద పడబోతే పక్కనున్నవాళ్లు పట్టుకున్నారు. రైల్లోంచి దిగాల్సిన ఒకావిడ "దిగాలండీ, దారివ్వండి" అని అరుస్తూనే తలుపు దాకా రాలేక ముందుకెళ్లిపోయారు. అక్కడున్న సెక్యూరిటీ అతను చేతనైనంత చేశాడు. అంత జనానికి ఒక్క మనిషి ఏం చేయగలడు? అతన్ని తప్పుపట్టడానికి కాదు నేను రాస్తున్నది.

"కెపాసిటీకి లోబడే నడుపుతున్నాం" అనే జవాబు దయచేసి ఇవ్వకండి. రైలు కెపాసిటీ లెక్కల్లో నిలబడేవాళ్లను చదరపు మీటరుకు ఆరుగురు, ఒక్కోసారి ఎనిమిది మంది అని వేసుకుంటారు. గంట మొత్తానికి సగటు తీస్తే ఆ లెక్క సరిపోతుందేమో, 8:44 రైల్లో మధ్య కోచ్ తలుపు దగ్గర నిలబడ్డవాళ్లకు సరిపోదు. మీ దగ్గర నిజమైన లెక్క ఉండే ఉంటుంది. ఇప్పటి మెట్రో రైళ్లు బ్రేకుల కోసం ఏ కోచ్‌లో ఎంత బరువుందో కొలుచుకుంటూనే ఉంటాయి. గేట్ల దగ్గర కార్డులు ఎక్కడ మోగాయో, ఏ నిమిషానికి మోగాయో రికార్డవుతుంది. 8:30 నుంచి 9:15 వరకు ఆ లెక్కలు విడిగా తీసి చూడండి.

అడుగుతున్నవి పెద్ద కోరికలేం కాదు. ముందుగా ఆ రెండు రైళ్లు ఏమయ్యాయో చెప్పండి. డిపోలో మరమ్మతుకి ఆగాయా, డ్రైవర్లు చాల్లేదా, టైమ్‌టేబుల్ మార్చి మాకు చెప్పలేదా? రైళ్లు తక్కువగా ఉంటే, ఉన్నవాటిలో ఒకదాన్ని 8:40 ప్రాంతంలో ఈ స్టేషన్ నుంచే ఖాళీగా బయల్దేరదీయగలరేమో చూడండి. ఈలోగా ఇద్దరు సిబ్బందిని అదనంగా పెట్టండి. మెట్లు మధ్యలో ఉండటంతో జనమంతా మధ్య కోచ్ దగ్గరే గుమిగూడుతున్నారు, ఇవాళ చివరి కోచ్‌లో కాస్త చోటు కనిపించింది. అటు వెళ్లమని చెప్పేవాళ్లుంటే కొంత నయం. ప్లాట్‌ఫాం నిండినప్పుడు కిందికొచ్చే ఎస్కలేటర్‌ని పైనే ఆపించడం మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టండి, దానికి కొత్త రైలు అక్కర్లేదు.

8:44కి తీసిన ఫొటో, బోర్డు ఫొటో కింద పెట్టాను. ముఖాలు కనబడకుండా మసక చేశాను. జవాబు నాకు విడిగా మెసేజ్‌లో పంపకుండా ఇక్కడే రాయండి. అదే ప్లాట్‌ఫాం మీద నిలబడేవాళ్లు చాలామంది ఇది చదువుతున్నారు.